తలకు దెబ్బ తగిలితే ఐసీయూలో దిండు ఎందుకు తీసేస్తారో తెలుసా?

పుర్రె గట్టి పెట్టె లాంటిది. దెబ్బ తగిలి లోపల మెదడు వాచినా, రక్తం చేరినా అది సాగదు. దీంతో ప్రెషర్ పెరుగుతుంది. అందుకే నర్సులు తరచూ గ్లాస్గో కోమా స్కోర్ చూస్తుంటారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6.. మొత్తం 15.

ఉదాహరణకు ఓ పేషెంట్ పిలిస్తే కళ్లు తెరిచి, తికమకగా మాట్లాడుతూ, చెప్పినట్టు చెయ్యి ఎత్తాడు. స్కోర్ 13. గంట తర్వాత గిల్లితేనే కళ్లు తెరిచాడు, పొంతన లేని ఒకట్రెండు మాటలన్నాడు, గిల్లిన చోటికి చెయ్యి తెచ్చాడు. స్కోర్ 10కి పడిపోయింది. ఇది డేంజర్ సిగ్నల్. టార్చ్ వేస్తే ఒక కంటిపాప పెద్దదై, ముడుచుకోకపోతే పరిస్థితి మరింత సీరియస్.

మరి దిండు సంగతేంటి? ఎత్తు దిండు పెడితే మెడ వంగి సిరలు నొక్కుకుపోతాయి. తలలోంచి రక్తం కిందికి దిగదు, ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. అందుకే దిండు తీసేసి, మంచాన్నే తల వైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ నిటారుగా ఉంచుతారు. బంధువులు జాలిపడి మళ్లీ దిండు పెట్టొద్దు.