కబురు చేస్తామన్నాక...

మా అన్నయ్య కూతురికి కాకినాడలో పెళ్ళిచూపులు జరిగాయి. రాజమండ్రి నుంచి అబ్బాయి, తల్లిదండ్రులు, మేనమామ వచ్చారు. అబ్బాయి తండ్రి రిటైరైన హైస్కూలు మాస్టారు. మర్యాదస్తులు, పద్ధతిగా మాట్లాడారు. వెళ్తూ వెళ్తూ అలవాటుగా అనే మాటే అన్నారు: ‘కబురు చేస్తాం.’ మంగళవారం మధ్యవర్తి ద్వారా కబురు వచ్చింది, అమ్మాయి వాళ్ళకి నచ్చిందని. ఆ రాత్రి మా మేనకోడలు తేల్చి చెప్పేసింది: “మంచివాడే అత్తా. కానీ నాకు మనసు కుదరలేదు.”

ఇలా వద్దనుకున్న సంబంధాలే చెప్పడానికి అన్నిటికన్నా కష్టం. అవతలివాళ్ళలో తప్పు లేదు, మనదగ్గర చూపించడానికి కారణం లేదు. అన్నయ్య మొదట పట్టుకున్నది అందరూ పట్టుకునే కొమ్మే. “జాతకాలు కుదరలేదని చెప్పేద్దాం” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ మాటకి చెల్లుబాటు పెళ్ళిచూపుల ముందు వరకే. గోత్రాలు, నక్షత్రాలు సరిచూసుకున్నాకే కదా వాళ్ళు బయల్దేరి వచ్చారు! గుణమేళనంలో 36కి 18 దాటితే చాలంటారు. వీళ్ళకి 24 వచ్చాయని వాళ్ళ పురోహితుడే కాగితం మీద రాసిచ్చాడు. చాలా పంచాంగాల్లో ఆ పట్టిక ఉంటుంది కాబట్టి మనం చెప్పేది అబద్ధమని ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. జాతకం మాట నాలుగు నోళ్ళు తిరిగేసరికి దోషంగా మారుతుంది. ఆ అబ్బాయికి కుజదోషం ఉందటగా అని రేపు ఇంకో సంబంధం వాళ్ళు అడిగితే, ఆ పాపం మనదే.

“పోనీ, బెంగళూరు దూరమని చెప్పనా?” అన్నాడు. అదీ వద్దన్నాను. సర్దుబాటుకు వీలున్న కారణం చెబితే అవతలివాళ్ళు సర్దుతామంటారు. అబ్బాయి హైదరాబాదుకి మార్పించుకుంటాడని మాస్టారు రెండో రోజు ఫోన్ చేస్తే అప్పుడేం చెప్తాం? ఇక అమ్మాయి ఇంకా చదువుకుంటుందట అని చెప్పి, ఆరు నెలల్లో శుభలేఖలు పంచితే, గోదావరి జిల్లాల్లో అది వాళ్ళకి చేరకుండా ఉంటుందా?

అందుకే ఉన్నమాటే చెప్పాలనుకున్నాం. ముందు మధ్యవర్తికి ఫోన్ చేసి, విషయం చెప్పి, “మాస్టారితో నేనే మాట్లాడతాను, అంతవరకు మీరు ఏమీ అనకండి” అని అన్నయ్య అడిగాడు. మధ్యవర్తిని దాటి వెళ్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. అలాగని చెప్పే పని పూర్తిగా ఆయనకే వదిలేస్తే, తను నొచ్చుకోకుండా, వాళ్ళు నొచ్చుకోకుండా ఏదో ఒకటి కల్పించి చెప్తాడు. వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపడం అసలు ఆలోచించలేదు. ఇంటికొచ్చి మన కాఫీ తాగి వెళ్ళిన పెద్దమనిషికి మన గొంతు వినిపించాలి.

బుధవారం సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. పెళ్ళిచూపుల రోజు ఉత్సాహంలో “బావగారూ” అని పిలిచినాయన, ఆ రోజు “మాస్టారూ” అనే అన్నాడు. కలవని వరస కలిపి పిలిస్తే అవతలి మనసు ఇంకా ఆశపడుతుంది.

“మాస్టారూ, మీ కబురు అందింది. మీరందరూ మాకు బాగా నచ్చారు. కానీ అమ్మాయి మనసు కుదరలేదంటోంది. తన మాట కాదని మేం ముందుకెళ్ళలేం. మీరు వేరే సంబంధం చూసుకోవడానికి ఆలస్యం కాకూడదని వెంటనే చెబుతున్నాను.”

అవతల కాసేపు మౌనం. తర్వాత ఆయన అడిగారు: “మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా బాబూ?”

ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఇంటివాళ్ళూ అడుగుతారు. తడబడి అప్పటికప్పుడు ఒక కారణం పుట్టించేది ఇక్కడే. ఏం చెప్పాలో ముందే అనుకున్నాం కాబట్టి అన్నయ్య తడబడలేదు. “లేదండీ. మీ అబ్బాయిలో ఒక్క లోపం కూడా మా అమ్మాయి చెప్పలేదు. ఎవరు అడిగినా మేం ఇదే మాట చెప్తాం.” ఆయన నిట్టూర్చి, “రాసిపెట్టి లేదు, అంతే” అన్నారు. రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. అన్నయ్య ఆ తర్వాత ఒక్క మాట కూడా పొడిగించలేదు. బాధ ఎక్కువై క్షమాపణలు పదేపదే చెబుతుంటే అవతలివాళ్ళే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఆ వారమే అబ్బాయి ఫొటో, జాతకం నకలు కవర్లో పెట్టి మధ్యవర్తి చేత పంపించాం. మా బంధువుల గ్రూపులో తిరిగిన బయోడేటాని అందరి ఫోన్లలోంచీ తీసేయించాను. వద్దన్న సంబంధం తాలూకు ఫొటో మన ఫోన్లలో ఎందుకుండాలి?

మీ ఇంట్లో ‘కబురు చేస్తాం’ అని ఆగిపోయిన సంబంధం ఏదైనా ఉంటే, వద్దని మీరు ఇప్పటికే అనుకుని ఉంటే, ఈ సాయంత్రమే ఆ ఫోన్ చేయండి. అక్కడ ఒక తల్లి ఇంకో సంబంధం వాళ్ళకి ఏ మాటా చెప్పలేక మీ కబురు కోసం చూస్తోంది.