మోడెమ్ మీద ఎర్ర లైటు ఏం చెబుతోంది?

నెట్ ఆగిపోయిందని ఫోన్ చేస్తే అవతలివాళ్లు తరచుగా ముందు అడిగే ప్రశ్న ఇదే: “డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోందా సార్?” చాలామంది “ఏవో లైట్లు వెలుగుతూనే ఉన్నాయండీ” అనేస్తారు. దాంతో ఫిర్యాదు “నెట్ రావడం లేదు” అన్న ఒక్క ముక్కతోనే నమోదవుతుంది. రావాల్సిన మనిషి తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మెషిన్ తెచ్చుకోవాలా, ఆఫీసులో కూర్చున్నవాళ్లు అకౌంటు సరిచేస్తే చాలా అన్నది అందులో ఎక్కడా ఉండదు. ఆ తేడా చెప్పేవి డబ్బా ముందున్న లైట్లే.

సర్వీసు ఇచ్చే కంపెనీ ఆఫీసులో, లేదా ఊళ్లో కేబుల్ ఆపరేటర్ గదిలో, ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాన్నుంచి బయల్దేరే ఒక్క ఫైబర్‌ను వీధిలో స్ప్లిట్టర్ అనే చిన్న పెట్టె 16, 32 లేదా 64 పాయలుగా చీలుస్తుంది. అందులో ఒక పాయ ఇంటికొచ్చి మోడెమ్‌లో ముగుస్తుంది. ఈ దారిలో నడిచేది కరెంటు కాదు, కంటికి కనిపించని లేజర్ కాంతి. మోడెమ్ పని చేయాలంటే నాలుగు పనులు వరుసగా జరగాలి. డబ్బాకు కరెంటు అందాలి. ఫైబర్‌లోంచి కాంతి రావాలి. ఓఎల్‌టీ ఈ డబ్బాను తనదిగా గుర్తించాలి. ఆ తర్వాత ఖాతాదారు అకౌంటు తెరుచుకోవాలి. పవర్, లాస్, పాన్, ఇంటర్నెట్ అనే నాలుగు లైట్లు వరుసగా ఈ నాలుగింటి సంగతే చెబుతాయి. కొన్ని కంపెనీల డబ్బాలకు ఒకే లైటు ఉండి రంగులు మారుస్తుంది. అలాంటప్పుడు ఏ రంగుకు ఏ అర్థమో పెట్టెతో వచ్చిన కాగితంలో చూసుకోవాలి. మిగతా డబ్బాల్లో ఈ వరుసలో ఏ లైటు దగ్గర తేడా మొదలైందో చూస్తే, లోపం ఆ మెట్టు దగ్గరే ఉన్నట్టు.

పవర్ లైటు వెలగకపోతే ఫైబర్ గురించి ఆలోచించనక్కర్లేదు. ప్లగ్ పాయింటులో వేరే చార్జర్ పెట్టి చూస్తే కరెంటు ఉందో లేదో తేలిపోతుంది. కరెంటు ఉండి కూడా లైటు రాకపోతే అడాప్టర్‌ను అనుమానించాలి. ఇంట్లో దొరికిన ఏదో అడాప్టర్ గుచ్చే ముందు దాని మీది వోల్టేజీ పాతదానితో సరిపోయిందో లేదో చూడాలి. 12 వోల్టుల డబ్బాకు ఎక్కువ వోల్టేజీ ఇస్తే మోడెమే పోవచ్చు.

లాస్ లైటు తీరు మిగతావాటికి తలకిందులు. ఎల్, ఓ, ఎస్ అన్న మూడక్షరాలుండే ఈ లైటు ఆరి ఉంటేనే అంతా బాగున్నట్టు. అది ఎర్రగా మిణుకుతోందంటే ఫైబర్‌లోంచి కాంతి రావడం లేదు, లేదా మోడెమ్ పట్టుకోలేనంత మందంగా వస్తోంది. ఇలాంటప్పుడు మోడెమ్‌ను పదిసార్లు ఆపి వేసినా సాధారణంగా ఫలితం ఉండదు. కాంతి బయటే ఎక్కడో ఆగిపోయింది.

ఎక్కడ ఆగిందో ఇరుగుపొరుగును అడిగితే సగం తెలుస్తుంది. పక్కింట్లో అదే కంపెనీ కనెక్షన్ ఉండి అక్కడా లాస్ ఎర్రగా ఉంటే లోపం స్ప్లిట్టర్ దగ్గరో, దానికి పైనో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా తన కేబుల్‌ను ఎక్కువగా ఈ స్తంభాల మీదుగానే ఊళ్లకు చేర్చింది. ఎత్తుగా లోడు వేసుకున్న లారీ తగిలినా, చెట్టు కొమ్మ విరిగిపడినా వీధి మొత్తానికి ఒకేసారి ఎర్ర లైటు వస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుత్ ప్రమాదం జరిగి ప్రాణాలు పోయాక, స్తంభాల మీది కేబుళ్లను తొలగించడం మొదలైంది. నగరంలో చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. పైన కేబుల్ తెగితే కింద ఇంట్లో డబ్బాను ఎంత సరిచూసుకున్నా లాభం ఉండదు.

కేబుల్ తెగకుండానే వీధంతా ఎర్ర లైటు వచ్చే సందర్భం ఇంకొకటి ఉంది. స్ప్లిట్టర్‌కు కరెంటు అవసరం లేదు కాబట్టి, వీధిలో కరెంటు పోయినా ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే నెట్ నడుస్తుంది. కానీ ఆపరేటర్ గదిలోని ఓఎల్‌టీ బ్యాటరీల మీద ఆధారపడి ఉంటుంది. కోత గంటల తరబడి సాగి ఆ బ్యాటరీలు అయిపోతే కాంతి పుట్టే చోటే ఆరిపోతుంది.

పక్కింట్లో బాగానే ఉండి మన ఇంట్లోనే ఎర్ర లైటు వస్తే స్ప్లిట్టర్ నుంచి మోడెమ్ దాకా ఉన్న చివరి తీగను చూడాలి. ఎలుక కొరికిందా, కిటికీ రెక్క కింద నలిగిందా, పెయింటర్లు పక్కకు లాగారా, మోడెమ్ వెనకున్న ఆకుపచ్చ కనెక్టర్ వదులైందా అన్నవి కంటితో చూసి తెలుసుకోదగ్గవి. ఆ కనెక్టర్‌ను పీకి లోపలికి చూడకూడదు. లేజర్ కంటికి కనిపించదు, అయినా హాని చేయగలదు. పైగా వేలు తగిలిన చోట అంటే దుమ్ము, జిడ్డే కాంతికి కొత్త అడ్డంకి అవుతుంది.

కాంతి పూర్తిగా ఆగితే ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది. సగం సగం వచ్చినప్పుడే తికమక. విజయవాడలో ఒక అపార్టుమెంటు ఫ్లాటు అనుకుందాం. వారం రోజులుగా వీడియో కాల్ మధ్యలో తెగిపోతోంది. లాస్ లైటు అప్పుడప్పుడు ఎర్రగా మెరిసి ఆరిపోతోంది. టెక్నీషియన్ వచ్చేసరికి అంతా బాగానే ఉంటోంది. ఇలాంటి చోట మోడెమ్ లోపలి పేజీ ఉపయోగపడుతుంది. వైఫైకి కలిసిన ఫోన్ బ్రౌజర్‌లో చాలా మోడెములకు 192.168.1.1 అని, కొన్నింటికి 192.168.100.1 అని కొడితే ఆ పేజీ తెరుచుకుంటుంది. లాగిన్ వివరాలు తరచుగా డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అందులో Rx Optical Power అన్న చోట మైనస్‌తో ఒక అంకె కనిపిస్తుంది. డీబీఎంలలో చూపే ఆ అంకె మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. సాధారణ మోడెములకు మైనస్ 27 దరిదాపుల్లో హద్దు వస్తుంది.

మన ఫ్లాటులో కనెక్షన్ ఇచ్చిన రోజున టెక్నీషియన్ మైనస్ 21 అని రాసి వెళ్లాడు. ఇప్పుడది మైనస్ 28. ఏడే కదా తేడా అనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో మూడు తగ్గిన ప్రతిసారీ కాంతి సగమవుతుంది. ఏడు తగ్గిందంటే అయిదో వంతే మిగిలినట్టు. తీగ వెంట వెళ్లి చూస్తే, కొత్తగా జరిపిన సోఫా వెనక పసుపు పచ్చ ఫైబర్ గోడకు నొక్కుకుని మడత పడి ఉంది. ఫైబర్‌ను మరీ బిగువుగా వంచితే కాంతి ఆ వంపు దగ్గర గాజులోంచి బయటికి జారిపోతుంది. సోఫా జరిపి, తీగను గాజుల చేతికి సరిపడేంత గుండ్రంగా వదిలితే అంకె మళ్లీ మైనస్ 21కి వచ్చింది. అలా రాకపోతే తీగలో పగులు ఉన్నట్టు, దాన్ని మార్చాల్సిందే.

లాస్ ఆరి ఉంది, పాన్ మాత్రం నిలకడగా వెలగకుండా మిణుకుతూనే ఉంది అంటే సంగతి వేరు. కాంతి అందుతోంది, ఓఎల్‌టీ ఇంకా ఈ డబ్బాను తన లెక్కలోకి తీసుకోలేదు. మోడెమ్ మార్చినప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. ఆఫీసులో పాత డబ్బా సీరియల్ నంబరే ఉంటే కొత్తది బయటే నిలబడుతుంది. అప్పుడు స్టిక్కర్ మీది జీపాన్ సీరియల్ నంబరు చదివి చెప్పాలి. సాధారణంగా దాన్ని ఆఫీసు నుంచే నమోదు చేసేస్తారు. ఇంటికి ఎవరూ రానక్కర్లేదు.

పాన్ ఆకుపచ్చగా నిలిచి, ఇంటర్నెట్ లైటు ఎర్రగా ఉన్నా, ఆరి ఉన్నా, ఫైబర్ భేషుగ్గా ఉన్నట్టే. ప్లాన్ గడువు తీరిందేమో, కట్టిన బిల్లు ఇంకా ఖాతాలో పడలేదేమో, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పాయేమో, లేదా కంపెనీ సర్వరే మొరాయించిందేమో చూడాలి. ఇక్కడ ఒకసారి రీస్టార్ట్ చేయడంలో అర్థముంది. ఒక నిమిషం ఆపి, వేశాక అయిదు నిమిషాలు ఆగాలి. మోడెమ్ వెనక వైఫై రూటర్ విడిగా ఉండి, అకౌంటు రూటర్లోనే తెరుచుకునే ఇళ్లలో ఈ లైటు ఎప్పుడూ ఆరే ఉండవచ్చు. అక్కడ రూటర్ లైటు చూడాలి. నాలుగూ సరిగ్గా ఉండి ఫోన్‌కే నెట్ రాకపోతే, ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో మోడెమ్‌కు కలిపి చూస్తే తప్పు వైఫైదో కాదో తేలుతుంది.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. సూది దూరే చిన్న రంధ్రంలోని బటన్‌ను నొక్కి పట్టుకుంటే అకౌంటు సెట్టింగులన్నీ చెరిగిపోవచ్చు. అంతదాకా కేబుల్ లోపం ఒక్కటే ఉంటే, ఇప్పుడు రెండవుతాయి. కంపెనీ వాళ్లు చెబితే తప్ప దాని జోలికి పోకూడదు.

ఫిర్యాదు చేసేటప్పుడు మోడెమ్‌ను ఆపేయకుండా ఉంచడం మేలు. కరెంటు పోయే క్షణంలో చాలా మోడెములు ఓఎల్‌టీకి ఒక చివరి సందేశం పంపుతాయి. దాన్నిబట్టి ఆఫీసువాళ్లు ఇంట్లో కరెంటు పోయిందా, దారిలో ఫైబర్ తెగిందా అని పోల్చుకోగలరు. ఫిర్యాదుకు ముందే స్విచ్ ఆపేస్తే తెరమీద వాళ్లకు కనిపించేది కరెంటు పోయిన ఇల్లే.

ఫోన్లో చెప్పాల్సింది పొడుగ్గా ఉండక్కర్లేదు. “యూజర్ ఐడీ ఇదండీ. పొద్దున ఏడున్నర నుంచి నెట్ లేదు. పవర్ ఆకుపచ్చ, లాస్ ఎర్రగా మిణుకుతోంది, పాన్ ఆరిపోయింది. ఒకసారి రీస్టార్ట్ చేశాం, మారలేదు. పక్క ఫ్లాటులో మీ కనెక్షనే ఉంది, వాళ్లకు వస్తోంది. లోపల తీగ ఎక్కడా నలగలేదు.” ఇంత వింటే అవతలి మనిషి ఆఫ్ చేసి ఆన్ చేయమని మళ్లీ మొదటికి రాకుండా, స్ప్లిట్టర్ నుంచి వచ్చే తీగ చూడమని లైన్‌మన్‌ను పంపగలడు. లైట్లు మిణికే తీరు ఫొటోలో తెలియదు, పది సెకన్ల వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే సరి. వచ్చిపోయే లోపమైతే ఏ సమయాల్లో ఆగిందో రాసి పెట్టుకుని చెప్పాలి.

ఫోన్ పెట్టేసే ముందు డాకెట్ నంబరు అడగాలి. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఆ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లేటప్పుడు దానితో పని పడుతుంది. ఇక మరమ్మతుకు వచ్చిన మనిషి వెళ్లే ముందు పవర్ మీటర్‌తో కాంతి కొలిచి, ఆ అంకెను, తేదీని మోడెమ్ మీద అంటించిన కాగితంపై రాయమని అడగవచ్చు. మరోసారి నెట్ తడబడినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం ఇంట్లోనే ఉంటుంది.