రూపాయి దీపావళి ప్లాన్: ఏ వరుస ముందు చదవాలి?

2025 దీపావళికి బీఎస్‌ఎన్‌ఎల్ రూపాయి ప్లాన్ ప్రకటించింది. అపరిమిత కాల్స్, రోజుకు 2 జీబీ డేటా, 100 ఎస్సెమ్మెస్‌లు, 30 రోజుల వ్యాలిడిటీ, ఉచిత సిమ్. చూడగానే మనసు లాగే మాటలే. కానీ ముందు చదవాల్సింది ‘కొత్త కస్టమర్లకు మాత్రమే’ అన్న వరుస. పాత నంబరుకు ఆ ధర వర్తించలేదు.

ప్రకటనలో తేదీలు అక్టోబర్ 15 నుంచి నవంబర్ 15 దాకా. అది సిమ్ తీసుకోవడానికి గడువే గాని వ్యాలిడిటీ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. నవంబర్ 10న సిమ్ యాక్టివేట్ అయి ఉంటే లెక్క ఆ రోజు నుంచే మొదలై, డిసెంబర్ 9 దాకా నడిచేది. ఆ తర్వాత మామూలు ధరకే రీచార్జ్. రోజువారీ డేటాలో మిగిలింది మర్నాటికి కలవదు.

ఇలాంటి ఆఫర్ కనబడితే, సిమ్ కొనేముందు మీ ఇంట్లో ఆ సిగ్నల్ అందుతుందో లేదో చూసుకోండి.