తరచూ చిన్న గెలుపా, అరుదుగా పెద్దదా?

బ్రిటన్‌లో ఆన్‌లైన్ స్లాట్లు ఆడేవారికి స్టార్‌బర్స్ట్, బుక్ ఆఫ్ డెడ్ బాగా తెలిసిన పేర్లు. రెండూ దీర్ఘకాలంలో పందెం మొత్తంలో దాదాపు 96 శాతం తిరిగిస్తాయి. కానీ మొదటిది కొంచెం కొంచెంగా, రెండోది చాలాసేపు ఊరించి ఒక్కసారిగా ఇస్తుంది. ఈ తేడానే వోలటిలిటీ అంటారు.

లెక్క తేలిగ్గా అర్థమయ్యేందుకు రెండు ఊహా యంత్రాలను తీసుకుందాం. ఒకటి నూటికి 48 సార్లు పందేనికి రెట్టింపు ఇస్తుంది. మరొకటి వెయ్యికి ఒక్కసారి 960 రెట్లు ఇస్తుంది. రెండిటి సగటూ 96 శాతమే. పౌండు చొప్పున వందసార్లు తిప్పితే మొదటిదాంట్లో చేతికి వచ్చేది సాధారణంగా 76, 116 పౌండ్ల మధ్య ఉంటుంది. రెండోదాంట్లో నూటికి 90 మంది వంద పౌండ్లూ పోగొట్టుకుంటారు. వాళ్ల డబ్బే మిగతా కొద్దిమంది జాక్‌పాట్.

చిన్న గెలుపుల ఆటలో మోసపోయేది ఇంకోచోట. పౌండు పెడితే 40 పెన్నీలొచ్చినా తెర మెరిసేది, సంగీతం మోగేది. నిజానికి పోయింది 60 పెన్నీలు. అందుకే బ్రిటన్‌లో ఇలాంటి ఆర్భాటాన్ని 2021లో నిషేధించారు. ఏ రకం ఎంచుకున్నా మిగతా 4 శాతం నిర్వాహకుడిదే. వోలటిలిటీ దాన్ని తగ్గించదు, డబ్బు పోయే తీరును మాత్రమే మారుస్తుంది.