మీకు తెలుసా? డీజిల్ జనరేటర్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు!

హైదరాబాద్‌లోని పుప్పాలగూడ టవర్లలో కరెంటు పోగానే కింద డీజిల్ జనరేటర్ మొదలవుతుంది. ఇంధనాన్ని అంటించే నిప్పురవ్వ అందులో ఉండదు. ఆ పని నొక్కుకుపోయిన గాలి వేడే చేస్తుంది.

సిలిండర్‌లోని గాలి పదహారో వంతుకు కుదించుకుపోతుందనుకుందాం. పిస్టన్ వేగానికి వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు కాబట్టి దీన్ని ఉత్క్రమణీయ స్థిరోష్ణక సంపీడనంగా లెక్కించవచ్చు. గాలికి విశిష్టోష్ణాల నిష్పత్తి γ = 1.4.

ఉష్ణోగ్రత: T₂ = T₁ × 16^(γ−1). 16^0.4 విలువ 3.03. గాలి మొదట 27°C, అంటే 300 K వద్ద ఉంటే చివరకు 909 K, సుమారు 636°C అవుతుంది. ఆ వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది.

పీడనం: P₂ = P₁ × 16^γ. సముద్రమట్టానికి అర కిలోమీటరు పైనున్న హైదరాబాద్‌లో గాలి పీడనం దాదాపు 0.95 బార్. అది 48.5 రెట్లు పెరిగి 46 బార్ అవుతుంది. ఉష్ణోగ్రత మారకపోతే 16 రెట్లే పెరిగేది.

పని: W = P₁V₁ × (3.03 − 1) ÷ (γ − 1). లీటరు గాలికి P₁V₁ = 95 జౌళ్లు కాబట్టి, దాన్ని నొక్కడానికి సుమారు 482 జౌళ్లు కావాలి.

ఉష్ణోగ్రత లెక్కలో పొరపాటు జరిగేది ఇక్కడే: కెల్విన్‌కు మార్చకుండా 27నే 3.03తో గుణిస్తే 82 వస్తుంది. ఆ వేడికి డీజిల్ అంటుకోదు. లెక్క తప్పిందనడానికి అదే గుర్తు.

నిజమైన ఇంజిన్‌లో కొంత వేడి సిలిండర్ గోడలకు పోతుంది, వేడెక్కేకొద్దీ γ కూడా తగ్గుతుంది. అందుకే అసలు ఉష్ణోగ్రత 636°C కన్నా తక్కువే. రింగులు అరిగి గాలి జారిపోతే అది మరీ పడిపోతుంది. అప్పుడు ఇంజిన్ మొరాయించి, కాలని డీజిల్ తెల్లని పొగగా బయటికొస్తుంది.