పక్కకు ఒత్తిగిలితే గిర్రున తిరిగే గది

అరవై దాటిన ఒక రిటైర్డ్ టీచరమ్మను అనుకుందాం. తెల్లవారుజామున నిద్రలో కుడివైపు ఒత్తిగిలారు. సీలింగ్ ఫ్యానుతో సహా గదంతా గిర్రున తిరిగింది. మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకున్నారు. అర నిమిషంలోపే తగ్గిపోయింది. ఎడమవైపు తిరిగితే ఏమీ లేదు, కుడివైపు తిరిగితే మళ్లీ అదే. పొద్దున అటక మీది డబ్బా కోసం తలెత్తినప్పుడు మరోసారి.

ఇంట్లో ఒకరు బీపీ అన్నారు, ఇంకొకరు పైత్యం అన్నారు. ఎక్స్‌రేలో మెడ ఎముకల అరుగుదల కనిపించడంతో మెడకు కాలర్ వచ్చింది. ఆ వయసులో ఎక్స్‌రే తీస్తే చాలామందికి ఆ అరుగుదల కనిపిస్తుంది. ఇక బీపీ పడిపోతే కళ్లు తిరిగేది లేచి నిలబడినప్పుడు. పడుకున్న మనిషి పక్కకు ఒత్తిగిలినప్పుడు కాదు.

అసలు కారణం లోపలి చెవిలో ఉంది. అక్కడ ఒక చిన్న సంచిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. తల ఎటు వంగిందో మెదడుకు తెలిసేది వాటి బరువు వల్లే. వయసు మీద పడ్డాకో, తలకు దెబ్బ తగిలినప్పుడో కొన్ని స్ఫటికాలు ఊడి, పక్కనే ఉన్న అర్ధవృత్తాకార నాళంలోకి జారతాయి. ఎక్కువసార్లు చేరేది వెనక నాళంలోకే. తల కదిలినప్పుడు అవి నాళంలోని ద్రవంలో బిందె అడుగున ఇసుకలా జరుగుతాయి. వాటితోపాటు ద్రవమూ కదులుతుంది. తల ఆగిపోయినా ఇంకా తిరుగుతోందని ఆ చెవి మెదడుకు చెబుతుంది. స్ఫటికాలు అడుగుకు చేరగానే గది నిలిచిపోతుంది. తిరుగుడు కొన్ని సెకన్లే ఉండటానికి కారణం ఇదే. డాక్టర్లు దీన్ని బీపీపీవీ అంటారు.

దీన్ని పట్టుకునే పరీక్షను 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించారు. రోగిని కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు ఒక పక్కకు తిప్పి, తల కాస్త వెనక్కి వాలేలా వేగంగా పడుకోబెడతారు. డాక్టరు చూసేది రోగి కళ్లను. కిందికి ఉన్న చెవిలో స్ఫటికాలుంటే రెండు మూడు సెకన్ల తర్వాత కనుగుడ్లు మెలితిరుగుతూ కొట్టుకుంటాయి, నిమిషంలోపు ఆగిపోతాయి. స్కానింగ్‌లో కనిపించనిది ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

వైద్యం కూడా తలను తిప్పడమే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ ఈ పద్ధతిని రూపొందించి, 1992లో తన ఫలితాలను ప్రచురించారు. మందూ కత్తీ లేకుండా నయమవుతుందంటే తోటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు.

టీచరమ్మకు కుడి చెవి అని పరీక్షలో తేలింది. మంచం మీద కాళ్లు చాపి కూర్చున్నారు. భుజాల కిందికి వచ్చేలా వెనక ఒక దిండు పెట్టారు. తల కుడివైపు 45 డిగ్రీలు తిప్పి వెనక్కి పడుకున్నారు. గది తిరిగింది. ఆగేదాకా, కనీసం 30 సెకన్లు అలాగే ఉన్నారు. తల ఎత్తకుండానే ఎడమవైపు 90 డిగ్రీలు తిప్పి మరో 30 సెకన్లు. తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకు తిరిగి, ముఖం నేలను చూసేలా ఉంచి ఇంకో 30 సెకన్లు. చివరికి ఎడమ పక్క నుంచే మెల్లగా లేచి కూర్చున్నారు. ఎడమ చెవి అయితే ఇవన్నీ తిరగేసి చేయాలి. ఒకటి రెండుసార్లకే చాలామందికి తగ్గిపోతుంది. తిరుగుడు మాత్రలు వికారాన్ని తగ్గిస్తాయే తప్ప స్ఫటికాలను కదిలించలేవు. నెలల తరబడి వాడితే తూలు ఎక్కువవుతుంది.

మొదటిసారి ఇది ఈఎన్‌టీ డాక్టరు దగ్గరే జరగాలి. ఏ చెవో తెలియకుండా చేస్తే ఫలితం ఉండదు. పక్క నాళంలో స్ఫటికాలుంటే రెండు వైపులా ఒత్తిగిలినా తిరుగుతుంది, దానికి పద్ధతి వేరు. మెడకు ఆపరేషన్ అయినవారు, కీళ్లవాతంతో మెడ దెబ్బతిన్నవారు, కంటి రెటీనా ఊడినవారు డాక్టరు ఒప్పుకుంటే తప్ప చేయకూడదు. ఇంట్లో చేసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి.

తల కదపకపోయినా గంటల తరబడి తిరుగుతూ, చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే మెనియర్స్ వ్యాధి కావచ్చు. రోజుల తరబడి ఆగకపోతే చెవి నరం వాపు కావచ్చు. తిరుగుడుతోపాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, అడుగు వేయలేకపోయినా అది పక్షవాతం కావచ్చు. వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తగ్గిన బీపీపీవీ కొందరికి నెలలకో, ఏళ్లకో మళ్లీ వస్తుంది. అప్పుడు పాత చెవే అనుకుని మొదలుపెట్టకూడదు, రెండో చెవి కూడా కావచ్చు. ముందు ఏ పక్కకు ఒత్తిగిలితే తిరుగుతోందో గమనించి, డాక్టరు చేత మళ్లీ ఆ పరీక్ష చేయించుకోవాలి.