చార్‌ధామ్ రద్దు కాగితం

2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లాలోని ధరాలీ ఊరి మీద కొండవాగు బురదతో, బండరాళ్లతో విరుచుకుపడింది. గంగోత్రికి పోయే దారి ఆ ఊరి మీదుగానే. దారి చాలాచోట్ల తెగింది. అలాంటి వార్త టీవీలో వచ్చిన సాయంత్రం నుంచే, యాత్రకు డబ్బు కట్టిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: మనం వెళ్తున్నామా, లేదా?

ట్రావెల్స్ కంపెనీ అయితే జవాబు చెప్పడానికి ఆఫీసు ఉంటుంది. మన ఊళ్లలో చాలా యాత్రలు అలా జరగవు. గుడి కమిటీలో ఒకరో, రిటైరైన మాస్టారో పూనుకుని పేర్లు రాసుకుంటారు, డబ్బు పోగుచేస్తారు, టికెట్లు తీస్తారు. యాత్ర ఆగితే నోటీసు రాయాల్సిందీ వాళ్లే, మాట పడేదీ వాళ్లే. ఎందుకు ఆగిందో జనం తేలిగ్గానే అర్థం చేసుకుంటారు. కొండ విరిగిపడితే మాస్టారేం చేస్తారు? అనుమానమంతా డబ్బు దగ్గరే పుడుతుంది. కట్టిన సొమ్ము ఈ రోజు ఎవరి దగ్గర ఉందో కాగితం చెప్పకపోతే, నిర్వాహకుల జేబులోనే ఉందని అనుకుంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. కృష్ణా జిల్లా నుంచి నలభైమంది బృందం, ఆగస్టు 18న విజయవాడలో రైలెక్కాలి, మనిషికి 24,000 రూపాయలు కట్టారు అనుకుందాం. అందులో ఢిల్లీకి రానుపోను థర్డ్ ఏసీ టికెట్లకు 4,000 అయింది. హరిద్వార్ బస్సు యజమానికి బయానా లక్ష రూపాయలు, అంటే తలకు 2,500. బసలకు అడ్వాన్సు తలకు 1,500. మిగతా 16,000 ఇంకా బ్యాంకులోనే ఉంది. రద్దయిందని చెప్పిన రోజునే ఈ 16,000 వెనక్కి ఇచ్చేయవచ్చు. చాలామంది నిర్వాహకులు ఇక్కడే తడబడతారు. రైల్వే డబ్బు, బస్సు డబ్బు అన్నీ వచ్చాక ఒకేసారి ఇద్దామని చూస్తారు. ఆ ఆగడంలోనే పేరు పోతుంది.

రైలు సంగతి కాస్త నిదానంగా చూడాలి. అప్పుడు అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, కన్‌ఫర్మ్ అయిన థర్డ్ ఏసీ టికెట్‌ను రైలు బయలుదేరడానికి 48 గంటల కంటే ముందు రద్దు చేసుకుంటే మనిషికి 180 రూపాయలు, దానిమీద జీఎస్టీ పోతాయి. 48 గంటల లోపు అయితే ఛార్జీలో పావు వంతు, 12 గంటల లోపు అయితే సగం. చివరి నాలుగు గంటల్లో ఏమీ రాదు. మన బృందం ఆగస్టు 10నే రద్దు చేస్తే రానుపోను కలిపి తలకు 380 దాకా నష్టం. దారి తెరుచుకుంటుందేమోనని 17 వరకు ఆగితే, వెళ్లే టికెట్ మీదే 180 బదులు 500 పోతుంది. నలభైమందికి ఆ తేడా 12,800 రూపాయలు. తొందరపడ్డారని తర్వాత ఎవరైనా అంటారనుకుంటే ఈ ఒక్క అంకె నోటీసులో ఉండటం మంచిది.

ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ డబ్బు కట్టిన ఖాతాకే తిరిగొస్తుంది. అంటే మాస్టారి ఖాతాకు. యాత్రికుడికి అది కనపడదు. అందుకే నోటీసులో పీఎన్ఆర్ నంబర్లు వేయాలి. ఒక టికెట్‌పై ఆరుగురికి మించి రారు కాబట్టి నలభైమందికి ఒక్కో వైపు ఏడు నంబర్లు ఉంటాయి. ఎవరి నంబరు వాళ్లు చూసుకుంటే రద్దయిందో లేదో తెలిసిపోతుంది. కౌంటర్‌లో తీసిన టికెట్ అయితే అసలు కాగితం పట్టుకుని కౌంటర్‌కు వెళ్తేనే డబ్బు చేతికొస్తుంది. అవి ఎవరి దగ్గరున్నాయో కూడా రాయాలి.

బస్సు బయానా దగ్గర బేరం తప్పదు. సగం వెనక్కి ఇస్తాను, లేదంటే మొత్తం వచ్చే యాత్రకు జమ వేసుకుంటాను అని యజమాని అన్నాడనుకుందాం. బసల వాళ్లు, దారే లేదు కాబట్టి, మొత్తం తిరిగిస్తామన్నారు. ఇక నోటీసు ఇలా రాయవచ్చు:

"చార్‌ధామ్ యాత్రికులకు మనవి. ఆగస్టు 5న ధరాలీ వద్ద వచ్చిన వరదతో గంగోత్రి దారి తెగినందున, 18న బయలుదేరవలసిన మన యాత్రను రద్దు చేస్తున్నాము. నిన్న జరిగిన సమావేశంలో, వచ్చిన సభ్యులందరి సమ్మతితో ఈ నిర్ణయం తీసుకున్నాము. ఒక్కొక్కరు కట్టిన 24,000లో 16,000 ఈ నెల 14 లోగా మీ ఖాతాకు వేస్తాము. రైలు టికెట్లకు 3,620, బసలకు 1,500 మాకు అందిన మూడు రోజుల్లో ఇస్తాము. బస్సు బయానా 2,500లో 1,250 వెనక్కి వస్తుంది. మొత్తం చేతికి వచ్చేది 22,370. తగ్గేది 1,630, అందులో 380 రైల్వేకు, 1,250 బస్సు యజమానికి. బయానా మొత్తాన్ని వచ్చే యాత్రకు ఉంచాలనుకునేవారు 20 లోగా రాసి ఇవ్వండి. రాయనివారికి సగం తిరిగి ఇస్తాము. రసీదులు గుడి ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు."

ఇందులో క్షమాపణ లేదు, అక్కర్లేదు కూడా. నిర్వాహకులు తమను తాము వెనకేసుకు రాలేదు, బస్సు యజమానిని తిట్టలేదు. కోత ఎవరికి చేరిందో పేరు పెట్టి చెప్పారు, అంతే. "స్వామి పిలుపు రాలేదు" అనే మాట ఇలాంటి కాగితాల్లో తరచూ కనిపిస్తుంది. ఇంట్లో అనుకోవడానికి అది బాగానే ఉంటుంది. లెక్క చెప్పాల్సిన చోట రాస్తే మాత్రం ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. ఇంకొకటి, 2025లో చార్‌ధామ్‌కు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉచితంగానే ఉండేది. అప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు అని ఎక్కడైనా కోత కనిపిస్తే అడగాల్సిందే. తేదీ మారితే ఆ రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి.

నోటీసు చదివాక అందరూ అడిగేది, మళ్లీ ఎప్పుడు అని. ఏదో ఒక తేదీ చెప్పేయాలనిపిస్తుంది. సెప్టెంబరు మొదటి వారం అని ఎవరైనా చెప్పి ఉంటే మళ్లీ మాట పడేవారే. వర్షాల వల్ల ఉత్తరాఖండ్ ప్రభుత్వం సెప్టెంబరు 5 వరకు యాత్రను ఆపేసింది. పోనీ అక్టోబరు? రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆగస్టు 10న కూర్చుని చూస్తే అక్టోబరు 9 టికెట్లు అప్పుడే తెరుచుకుంటాయి. అంతకు ముందు తేదీలకు ఒకే రైల్లో నలభై బెర్తులు దొరకడం కష్టం. 9న బయలుదేరితే 11కి గానీ హరిద్వార్ చేరరు. ఆ ఏడాది గంగోత్రి తలుపులు అక్టోబరు 22న, కేదార్‌నాథ్, యమునోత్రి తలుపులు 23న మూసేశారు. నాలుగు ధామాలకు పది రోజులు వేసుకున్నా, దారిలో ఒక్క రోజు ఎక్కడైనా ఆగితే సర్దుకోవడానికి చోటుండదు. పైగా అది దీపావళి వారం. సముద్ర మట్టానికి మూడున్నర వేల మీటర్లకు పైగా ఎత్తున్న కేదార్‌నాథ్ చలిని అరవై దాటినవాళ్లు ఆ నెలలో తట్టుకోగలరా అన్నదీ చూడాలి.

మిగిలేది వచ్చే వేసవి. దానికీ ఆగస్టులో తేదీ ఇవ్వలేరు. గంగోత్రి, యమునోత్రి అక్షయ తృతీయకు తెరుచుకుంటాయి గానీ, బదరీనాథ్ తలుపులు తెరిచే ముహూర్తం నరేంద్రనగర్‌లో వసంత పంచమి నాడు, కేదార్‌నాథ్ ముహూర్తం ఉఖీమఠ్‌లో మహాశివరాత్రి నాడు ప్రకటిస్తారు. కాబట్టి కాగితంలో "తదుపరి తేదీ శివరాత్రి తర్వాత తెలియజేస్తాము, అంతవరకు కొత్తగా డబ్బు తీసుకోము" అని రాస్తే చాలు.